"నాకు తెలియదు" అనే పై అధికారి: కమాండ్ బాధ్యతపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో లా చదివే కొందరు పిల్లలకు ఆదివారం పొద్దున అంతర్జాతీయ నేరన్యాయం చెప్తుంటాను. మిగతా పాఠాలు ఎలాగో నడిచిపోతాయి. కమాండ్ బాధ్యత దగ్గరికి రాగానే ప్రశ్నలు మొదలై భోజనం వేళ దాటిపోతుంది. ఇంటికి పోయాక వాట్సాప్‌లో మళ్లీ అవే ప్రశ్నలు. ప్రతిసారీ టైప్ చేసే ఓపిక లేక జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి రెండు ముక్కలే రాశాను. పై అధికారి మనసులో ఏముండాలి అన్న దగ్గర మాత్రం బాగా ఆగాను, ఎందుకంటే పిల్లలు తడబడేది అక్కడే. ఆమాటకొస్తే జడ్జీలు తడబడింది కూడా అక్కడే.

కమాండ్ బాధ్యత అంటే ఏమిటి?

కింది వాళ్లు యుద్ధనేరమో, మానవాళిపై నేరమో, జాతి నిర్మూలనో చేశారు. పై అధికారి చేయమని చెప్పలేదు, సాయం చేయలేదు, అక్కడ లేడు కూడా. అయినా వాళ్లను ఆపగలిగి ఆపకపోతే, శిక్షించగలిగి శిక్షించకపోతే, ఆయన మీద కేసు నిలుస్తుంది. చేసిన పనికి కాదు, చేయని పనికి.

నిరూపించాల్సినవి మూడు. ఒకటి, నేరం చేసినవాళ్లు ఆయన అదుపులో ఉన్నారు. రెండు, నేరం జరగబోతోందని లేదా జరిగిందని ఆయనకు తెలుసు, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉంది. మూడు, ఆపడానికో శిక్షించడానికో అవసరమైన, చేయదగిన చర్యలు ఆయన తీసుకోలేదు. ఈ పేజీలో ఎక్కువ భాగం రెండోదాని గురించే.

ఆదేశం ఇచ్చినవాడి సంగతి వేరు. "కాల్చండి" అన్నవాడు కమాండ్ బాధ్యత దాకా రానక్కరలేదు, ఆదేశించిన నేరం కిందే దొరుకుతాడు. ఈ రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో కింద స్త్రుగార్ కేసులో చూస్తారు.

"అదుపు" అంటే ర్యాంకు ఉంటే చాలా?

చాలదు. ర్యాంకు లేకపోయినా అదుపు ఉండొచ్చు. కోర్టు చూసేది ఒక్కటే: ఆపే, శిక్షించే శక్తి ఆ మనిషి చేతిలో వాస్తవంగా ఉందా లేదా. దీన్ని తేల్చిన కేసు చెలెబిచి. బోస్నియాలో అదే పేరున్న ఊళ్లో 1992లో నడిచిన నిర్బంధ శిబిరం గురించిన కేసు అది. అక్కడి యుద్ధనేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన మాజీ యుగోస్లావియా ట్రిబ్యునల్ 1998లో తీర్పు, 2001లో అప్పీలు తీర్పు ఇచ్చింది. శిబిరాన్ని నడిపిన ముచిచ్ చేతిలో వాస్తవంగా అధికారం ఉందని తేలింది కాబట్టి, నియామకపు కాగితం కోసం చూడకుండానే దోషి అన్నారు. అదే కేసులో దెలాలిచ్ అనే మరొకాయన ఆ ప్రాంతంలో పలుకుబడి ఉన్న మనిషి, తర్వాత సైన్యంలో పెద్ద హోదాలోకి వచ్చాడు. శిబిరం కాపలాదారుల మీద ఆయనకు అదుపు ఉందని తేలలేదు, వదిలేశారు. పలుకుబడి వేరు, అదుపు వేరు. ఊళ్లో పెద్దమనిషి మాట పది మందీ వింటారు. అంతమాత్రాన ఆ పది మందినీ శిక్షించే అధికారం ఆయనకు ఉన్నట్టు కాదు కదా.

తెలియాలి అంటున్నారు. ఎంత తెలియాలి?

అసలు ప్రశ్న ఇదే. మూడు కొలతలు వాడుకలో ఉన్నాయి, వాటిని విడివిడిగా మనసులో పెట్టుకోండి.

మొదటిది నిజంగా తెలియడం. ఎవరో వచ్చి చెప్పారు, రిపోర్టు చదివాడు, కళ్లారా చూశాడు. ఇది ఏ కోర్టులోనైనా సరిపోతుంది.

రెండోది తెలుసుకోవడానికి తగిన కారణం ఉండటం. యుగోస్లావియా, రువాండా ట్రిబ్యునళ్ల చట్టాల్లో ఉన్న కొలత ఇది. నేరం జరుగుతోందని ఆయనకు తెలియకపోవచ్చు. కానీ "ఒకసారి పోయి చూడాలి" అనిపించేంత ఆందోళనకరమైన సమాచారం ఆయనకు అందుబాటులో ఉంది.

మూడోది తెలిసి ఉండాల్సింది అనడం. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, అంటే ఐసీసీ, తన 28వ అధికరణంలో సైనిక కమాండర్లకు పెట్టిన కొలత. అప్పటి పరిస్థితులను బట్టి ఆయన తెలుసుకుని ఉండాల్సింది అని తేలితే చాలు.

రెండోదానికీ మూడోదానికీ తేడా ఏమిటని ప్రతి ఏడూ ఒకరైనా అడుగుతారు. రెండోదాంట్లో సమాచారం ముందు ఆయన దగ్గరికి రావాలి, ఆ తర్వాతే వెతికే బాధ్యత మొదలవుతుంది. మూడోదాంట్లో సమాచారం రాకపోయినా, రప్పించుకునే ఏర్పాటు చేసుకోవడం ఆయన బాధ్యతే.

చెరువు కట్ట పోలిక ఇంకోసారి చెప్తారా?

చెప్తాను. క్లాసులో ఎక్కువ మందికి ఎక్కింది ఇదొక్కటే.

మన ఊళ్లలో చెరువు కాపలా చూసే నీరటి ఉండేవాడు. వానకాలం ఒక సాయంత్రం కట్టకు అవతలి పక్క, పొడిగా ఉండాల్సిన చోట, తడి మచ్చ కనిపించింది. అది కట్ట తెగుతుందనడానికి రుజువు కాదు. పశువుల కాళ్ల తడి కావచ్చు, నిన్నటి వాన నీళ్లు కావచ్చు. కానీ పోయిన నెలలో అదే చోట ఊట కనిపించి ఉంటే, నీరటి పార పట్టుకుని పోయి చూస్తాడు. చూడకుండా ఇంటికి పోయి పడుకుని, తెల్లారేసరికి గండి పడితే, "తెగుతుందని నాకు తెలియదయ్యా" అనే మాట నిజమే కావచ్చు. అయినా ఊరు ఒప్పుకోదు.

యుగోస్లావియా ట్రిబ్యునల్ కొలత ఈ తడి మచ్చ. తెగబోతోందని తెలియాల్సిన పని లేదు. తెగే అవకాశమే ఎక్కువ అనిపించాల్సిన పని కూడా లేదు. పోయి చూడాలి అనిపించేంత ఉంటే చాలు. మరోవైపు, ఏ మచ్చా లేకపోయినా రాత్రంతా కట్ట మీద తిరగలేదని నీరటిని శిక్షించరు. చెలెబిచి అప్పీలు తీర్పు ఈ రెండు హద్దులనూ గీసింది. సమాచారమే లేనప్పుడు తెలుసుకోవాల్సిన సాధారణ బాధ్యత ఏదీ లేదని చెప్పింది. ఉన్నప్పుడు అది సంపూర్ణంగా, వివరంగా ఉండాలని లేదని కూడా చెప్పింది. ఆ తీర్పులో ఒక ఉదాహరణ ఉంది: కొందరు సైనికులది హింసాత్మక స్వభావమనో, పనికి పంపే ముందు తాగి ఉన్నారనో కమాండర్‌కు సమాచారం అందితే, అంతవరకే ఆయనను మేల్కొల్పడానికి సరిపోవచ్చు.

యమషితకు ఇవేవీ చూడకుండానే ఉరి వేశారా?

సగం నిజం. జనరల్ తోమొయుకి యమషిత 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనల కమాండ్ తీసుకున్నాడు. 1945 ఫిబ్రవరిలో మనీలాలో పౌరుల ఊచకోత జరిగింది. అప్పటికి ఆయన నగరంలో లేడు, ఉత్తరాన కొండల్లో ఉన్నాడు. మనీలాలో పోరాడినవాళ్లలో ఎక్కువ మంది నౌకాదళం వాళ్లు. సంబంధాలు తెగిపోయాయి, నాకు తెలియదు అన్నాడు. అమెరికా సైనిక కమిషన్ 1945 డిసెంబరు 7న మరణశిక్ష వేసింది, 1946 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు, అదే నెలలో ఉరి తీశారు. ఆయనకు తెలుసు అని కమిషన్ స్పష్టంగా రాయలేదు. నేరాలు అంత విస్తృతంగా జరిగాయి, అదుపు చేయలేదు అన్న దగ్గరే ఆగింది. సుప్రీంకోర్టులో జస్టిస్ మర్ఫీ, జస్టిస్ రట్లెడ్జ్ తీవ్రంగా విభేదించారు.

నా లెక్కన ఈ కేసును కమాండ్ బాధ్యతకు పుట్టిల్లుగా గుర్తుంచుకోవాలి, కొలతగా కాదు. దాని తర్వాత వచ్చిన చట్టమంతా ఆ ఖాళీని పూడ్చే పనే. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 86వ అధికరణం, పై అధికారికి తెలిసి ఉండాలి, లేదా ఆ పరిస్థితుల్లో నేరం జరుగుతోందని తేల్చుకోగలిగేంత సమాచారం ఉండాలి అని రాసింది. ట్రిబ్యునళ్ల కొలత వెనక ఉన్నది ఇదే.

స్త్రుగార్ కేసు మొదటి నుంచి చెప్పండి.

దీనికే ఎక్కువ చోటిస్తున్నాను. ఒకే మనిషి, ఒకే రాత్రి, ఒకే సాక్ష్యం. యుగోస్లావియా ట్రిబ్యునల్‌లోని విచారణ కోర్టు, అప్పీలు కోర్టు రెండు కొలతలు వాడాయి. ఈ ఒక్క కేసు పట్టుకుంటే మానసిక అంశం, అంటే నిరూపించాల్సిన మూడింట్లో రెండోది, సగం వచ్చేసినట్టే.

పావ్లె స్త్రుగార్ యుగోస్లావ్ పీపుల్స్ ఆర్మీలో లెఫ్టినెంట్ జనరల్. 1991 చివర్లో క్రొయేషియా తీరంలో డుబ్రోవ్నిక్‌ను చుట్టుముట్టిన సేనలు ఆయన కమాండ్ కింద ఉన్నాయి. ఆ నగరంలోని పాత పట్నం రాతి గోడల మధ్య ఉంటుంది. 1979 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. (మన రామప్పకు 2021లో దక్కిన గుర్తింపు ఇదే కాబట్టి, ఆ గోడల మీద మోర్టార్ గుండు పడటమంటే ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.) పట్నానికి పైన సర్జ్ అనే కొండ, దాని మీద క్రొయేషియా సైనికుల చేతిలో ఉన్న కోట.

1991 అక్టోబరులో, నవంబరులో ఆ సేనలు దాడి చేసినప్పుడు పాత పట్నం మీద కూడా గుండ్లు పడ్డాయి. దాన్ని ముట్టుకోవద్దన్న ఆదేశాలు అప్పటికే ఉన్నాయి. అయినా పడ్డాయి. ఆ సంగతి స్త్రుగార్‌కు తెలుసు.

డిసెంబరు 6 తెల్లవారుజామున సర్జ్ కొండ మీద దాడి మొదలైంది. ఆ దాడికి ఆదేశం ఇచ్చింది స్త్రుగారే అని విచారణ కోర్టు తేల్చింది. కొండ మీద కోట సైనిక లక్ష్యం, దాని మీద దాడి చేయడం నేరం కాదు. నేరం ఏమిటంటే, కొండకు సాయంగా పేల్చాల్సిన ఫిరంగులు, మోర్టార్లు పాత పట్నం మీదికి తిరిగాయి. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో, డుబ్రోవ్నిక్ మీద గుండ్లు పడుతున్నాయని యూరోపియన్ పరిశీలకులు చేసిన నిరసన సంగతి బెల్‌గ్రేడ్ నుంచి స్త్రుగార్‌కు చేరింది. కాల్పులు వెంటనే ఆగలేదు, గంటల తరబడి సాగాయి. పాత పట్నంలో 52 కట్టడాలు దెబ్బతిన్నాయని లేదా ధ్వంసమయ్యాయని కోర్టు తేల్చింది.

ఇప్పుడు ప్రశ్న: స్త్రుగార్‌కు "తెలుసుకోవడానికి తగిన కారణం" ఎప్పుడు పుట్టింది?

విచారణ కోర్టు 2005 జనవరిలో ఇలా చెప్పింది. దాడికి ముందు రాత్రి, ఫిరంగులు మళ్లీ అదుపు తప్పి పాత పట్నం మీద పేలే ప్రమాదం ఉందని ఆయనకు తెలుసు. అది కొట్టిపారేసేంత చిన్న ప్రమాదం కూడా కాదు. కానీ అలా జరిగే అవకాశమే బలంగా ఉందని తేలలేదు. కాబట్టి ముందు రాత్రికి కారణం లేదు. ఏడు గంటలకు నిరసన సంగతి చేరాకే కారణం పుట్టింది. అప్పటి నుంచి ఆపనందుకు, తర్వాత శిక్షించనందుకు దోషి. 8 ఏళ్ల జైలు.

అప్పీలు కోర్టు 2008 జులైలో దీన్ని సరిదిద్దింది. బలమైన అవకాశం కనిపించాలి అనడమే తప్పు అంది. విచారణ జరపాలి అనిపించేంత ఆందోళనకరమైన సమాచారం ఉంటే చాలు. అది ముందు రాత్రే ఉంది. రెండుసార్లు ఇదే జరిగింది, ఆదేశాలు పని చేయలేదు, ఇప్పుడు మళ్లీ అక్కడే దాడి. కాబట్టి దాడి మొదలు కాకముందే ఆయన బాధ్యత మొదలైంది. శిక్ష మాత్రం ఏడున్నర ఏళ్లకు తగ్గింది. తప్పు తగ్గి కాదు, ఆరోగ్యం క్షీణించినందుకు.

నీరటి భాషలో చెప్పాలంటే, విచారణ కోర్టు కట్ట నుంచి నీళ్లు బుడబుడమనే దాకా ఆగింది. అప్పీలు కోర్టు తడి మచ్చ చాలంది.

ముందు రాత్రే బాధ్యత మొదలైతే ఆయన ఏం చేయాల్సింది? దాడే ఆపాలా?

అక్కర్లేదు. ఇది చాలామంది దాటేసే విషయం. సర్జ్ దాడి చట్టబద్ధమే కాబట్టి దాన్ని రద్దు చేయాలని ఎవరూ అనలేదు. కోర్టు ఎత్తి చూపింది ఇది: దాడిని నడిపేవాళ్లకు, ముఖ్యంగా ఫిరంగి దళాల అధికారులకు, పాత పట్నం జోలికి పోవద్దన్న నిషేధాన్ని ఆయన మళ్లీ గుర్తు చేయించలేదు, గట్టిపరచలేదు. ఒక్క స్పష్టమైన ఆదేశం, అది అందిందో లేదో చూసుకోవడం. చర్య ఎంత ఉండాలి అన్నది కూడా సమాచారం ఎంత ఉంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. తడి మచ్చ కనిపిస్తే పోయి చూడాలి. నీళ్లు కారుతుంటే ఊరిని లేపాలి. ఏడు గంటల తర్వాత ఆయన మీద పడింది ఆ రెండో బాధ్యత, అంటే గుండ్లు ఆపించడం.

దాడి అయిపోయాక కూడా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. విచారణ అంతా తన కింది అధికారి అడ్మిరల్ యోకిచ్‌కు వదిలేశాడు. ఎవరి మీదా చర్య లేదు. యోకిచ్ తర్వాత నేరం ఒప్పుకున్నాడు, 7 ఏళ్ల శిక్ష పడింది.

అంత పెద్ద విచారణ కోర్టు ఆ పొరపాటు ఎలా చేసింది?

నాకు అర్థమైనంతలో, పక్క గదిలో ఉన్న కొలతను ఈ గదిలోకి తెచ్చింది. స్త్రుగార్ మీద ఆదేశం ఇచ్చాడన్న ఆరోపణ కూడా ఉంది. ఆదేశించిన నేరానికి కొలత ఏమిటంటే, ఈ ఆదేశం అమలైతే నేరం జరిగే గట్టి అవకాశం ఉందని తెలిసి ఉండాలి. ఆ ఆరోపణ నిలవలేదు. అది నిలవకపోవడం సరైనదే. కానీ అదే గట్టి అవకాశపు కొలతను కమాండ్ బాధ్యతకు కూడా వాడింది. ఆదేశం ఇచ్చినవాడు తనే నిప్పు పెట్టినవాడు, కాబట్టి అతని మనసు గురించి ఎక్కువ నిరూపించాలి. కమాండ్ బాధ్యతలో శిక్ష నిప్పు పెట్టినందుకు కాదు, పొగ చూసీ లేవనందుకు. అందుకే కొలత కిందికి దిగుతుంది.

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువ కనిపించే తప్పు కూడా ఇదే.

రిపోర్టు టేబుల్ మీదే ఉంది, ఆయన తెరవలేదు. అప్పుడు?

తెరవనక్కరలేదు, అందుబాటులో ఉంటే చాలు. సమాచారం ఆయనకు అందిందా, అందుబాటులో ఉందా అన్నదే చూస్తారు, చదివాడా అన్నది కాదు. లేకపోతే ఏ రిపోర్టూ చదవని అధికారే అందరికంటే భద్రంగా ఉంటాడు. కాకపోతే ఆ రిపోర్టు ఆయన ఆఫీసు దాకా వచ్చిందని ప్రాసిక్యూషన్ చూపించాలి. కింది ఆఫీసులో ఫైల్లో ఉండిపోయిన కాగితం లెక్కలోకి రాదు.

ఖైదీలను కొడుతున్నారని తెలుసు. చిత్రహింస పెడుతున్నారని తెలియదు. రెండింటికీ దొరుకుతాడా?

మంచి ప్రశ్న. దీనికి క్ర్నోయెలాత్స్ కేసు చూడాలి. బోస్నియాలో ఫోచా అనే పట్నం జైలు వార్డెన్ ఆయన. ఖైదీలను కొడుతున్నారని తెలుసు. కానీ దెబ్బలు చిత్రహింస కావాలంటే వాటి వెనక ఒక ప్రయోజనం ఉండాలి: మాట రాబట్టడానికో, శిక్షించడానికో, వివక్షతోనో. దెబ్బల సంగతి తెలిస్తే ఆ ప్రయోజనం సంగతి కూడా తెలిసినట్టే అనలేం అని అప్పీలు కోర్టు 2003లో చెప్పింది. నేరం జరుగుతోందన్న సాధారణ సమాచారం చాలదు, ఆ ఫలానా నేరం వైపు వేలు చూపించే సమాచారం ఉండాలి. చివరికి ఆ కేసులో ఆయన దగ్గర ఉన్న వివరాలను బట్టి చిత్రహింసకు కూడా కారణం ఉందని తేల్చి, శిక్షను ఏడున్నర నుంచి 15 ఏళ్లకు పెంచారు.

స్త్రుగార్‌తో పక్కపక్కన పెట్టి చదివితే బొమ్మ పూర్తవుతుంది. ఎంత బలంగా తెలియాలి అన్నదాంట్లో చట్టం కొంచెంతో సరిపెట్టుకుంటుంది. ఏ నేరం గురించి తెలియాలి అన్నదాంట్లో మాత్రం పట్టుబడుతుంది.

తెలుసు అని ఎలా నిరూపిస్తారు? మనసులో దూరి చూడలేం కదా.

నేరుగా సాక్ష్యం దొరకడం అరుదు. పరిస్థితుల నుంచి తేలుస్తారు. నేరాలు ఎన్ని, ఎన్ని రోజులు, ఒకే పద్ధతిలో జరిగాయా, కమాండర్ ఎంత దూరంలో ఉన్నాడు, సంబంధాలు పని చేస్తున్నాయా. ఒక ఊరవతల ఒక గంటలో జరిగిన హత్యకు, మూడు నెలలు రోజూ జరిగినదానికి తేడా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: "ఇంత పెద్దగా జరిగింది కాబట్టి తెలిసే ఉంటుంది" అని ఒక్క గెంతులో దూకేస్తే మళ్లీ యమషిత దగ్గరికే పోతాం. ఫలానా తేదీన ఫలానా సమాచారం ఆయనకు చేరింది అని చూపగలిగిన ప్రాసిక్యూటరే గెలుస్తాడు.

ఐసీసీలో కొలత కిందిదే కదా, అక్కడ సులభంగా శిక్ష పడాలి. బెంబా ఎలా బయటపడ్డాడు?

జాన్-పియెర్ బెంబా కాంగో నాయకుడు. ఆయన సేనలు 2002, 2003లో పక్కనున్న సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లోకి పోయి హత్యలు, అత్యాచారాలు, దోపిడీ చేశాయి. 2016లో దోషి అన్నారు, 18 ఏళ్లు వేశారు. 2018 జూన్ 8న అప్పీలు కోర్టు 3–2 తో విడుదల చేసింది.

ఆయన బయటపడింది మానసిక అంశం మీద కాదు. విచారణ కోర్టు ఆయనకు నిజంగానే తెలుసు అని తేల్చింది, "తెలిసి ఉండాల్సింది" దాకా పోనే లేదు. అప్పీలులో దెబ్బ తిన్నది మూడో అంశం. సేనలు పరాయి దేశంలో, తాను దూరంగా ఉన్న కమాండర్‌కు ఉండే ఇబ్బందులను, ఆయన తీసుకున్న చర్యలను విచారణ కోర్టు సరిగ్గా తూచలేదని మెజారిటీ అంది. కొన్ని నేరాలు అసలు ఆరోపణల పరిధిలోనే లేవని కూడా అంది. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. నాకూ ఆ మెజారిటీ తీర్పు పూర్తిగా మింగుడు పడలేదు, అది వేరే సంగతి. "తెలిసి ఉండాల్సింది" అంటే ఒక రకమైన నిర్లక్ష్యమే అని 2009లో అదే కేసు తొలి దశలో ఒక చాంబర్ చెప్పింది. కానీ ఆ కొలత మీద ఎవరికీ శిక్ష పడకుండానే ఆ కేసు ముగిసింది.

మంత్రికి, కలెక్టర్ లాంటి పౌర అధికారికి కూడా ఇదే కొలతా?

ట్రిబ్యునళ్లలో ఇదే. ఐసీసీలో కాదు. అక్కడ పౌర పై అధికారికి నిజంగా తెలిసి ఉండాలి, లేదా నేరాన్ని స్పష్టంగా సూచించే సమాచారాన్ని తెలిసీ పక్కన పెట్టి ఉండాలి. మొహం తిప్పుకున్నాడని చూపించాలి, ఏమరుపాటు చాలదు. సైన్యంలో సమాచారం పైకి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పౌర ఆఫీసులో అలా ఉండదు అన్నది దీని వెనక ఆలోచన.

నేరం అయిపోయాక తెలిస్తే?

శిక్షించే బాధ్యత ఉంటుంది. ముందు తెలిసీ ఆపకుండా, తర్వాత శిక్షించి చేతులు దులుపుకోవడం కుదరదు. నేరం అయిపోయాక కొత్తగా వచ్చిన కమాండర్ సంగతి వివాదాస్పదం. తాను రాకముందు జరిగినదానికి ఆయన బాధ్యుడు కాడని యుగోస్లావియా ట్రిబ్యునల్ 2003లో హజిహసనోవిచ్ కేసులో 3–2 తో చెప్పింది.

బైరాన్‌పల్లికి ఇది వర్తిస్తుందా?

మన దగ్గర ఈ ప్రశ్న రాకుండా ఉండదు. 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత కథ తాతల నోట వినని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. ఏ అంతర్జాతీయ కోర్టుకూ దాని మీద అధికారం లేదు. ఐసీసీ 2002 జులై 1 తర్వాతి నేరాలనే చూస్తుంది. క్లాసులో అభ్యాసంగా తీసుకుంటే మాత్రం ఏ ప్రశ్నలు వేయాలో తెలుసు. రజాకార్ల నాయకుడిగా ఖాసిం రజ్వీకి ఆ ఊరి మీద పడ్డ దళం మీద వాస్తవ అదుపు ఉందా, లేక పలుకుబడేనా? ఆ ఊరి మీద అంతకుముందు జరిగిన దాడుల సమాచారం ఎవరి దాకా చేరింది? ఆ తర్వాత ఎవరినైనా శిక్షించారా? ఉపన్యాసాల వేడిని బట్టి జవాబు చెప్పొద్దు. ఉపన్యాసం రెచ్చగొట్టడం కింద పోతుంది, అది వేరే నేరం.

ఇండియాలో ఈ చట్టం ఉందా?

ఈ రూపంలో లేదు. ఐసీసీని ఏర్పాటు చేసిన రోమ్ శాసనంలో మనం చేరలేదు, మొదటి అదనపు ప్రోటోకాల్‌లోనూ చేరలేదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం తీవ్ర ఉల్లంఘనలను శిక్షిస్తుంది, పై అధికారి మౌనం గురించి విడిగా చెప్పదు. భారతీయ న్యాయ సంహితలో చట్టవిరుద్ధంగా పని మానేసి ప్రేరేపించడం ఉంది కానీ, దానికి ఉద్దేశపూర్వకంగా సాయం చేశాడని చూపాలి. తడి మచ్చ చూసీ కదలనివాడు దాంట్లో పట్టుబడడు. మత హింస నిరోధక బిల్లు 2011 ముసాయిదాలో కమాండ్ బాధ్యత ఉల్లంఘనను నేరంగా పెట్టారు. అది చట్టం కాలేదు.

ప్రాబ్లం ప్రశ్న వస్తే జవాబు ఎలా మొదలుపెట్టాలి?

ముందు మార్జిన్‌లో తేదీలతో, గంటలతో ఒక గీత గీయండి. గీత పైన కింది వాళ్లు ఏం చేశారో, గీత కింద ఆ క్షణానికి పై అధికారి దగ్గర ఏ సమాచారం ఉందో రాయండి. స్త్రుగార్‌కైతే గీత కింద అక్టోబరు, నవంబరు, డిసెంబరు 5 రాత్రి, 6న ఉదయం ఏడు గంటలు అని నాలుగు గుర్తులు పడతాయి. మొదటి తడి మచ్చ ఏ గుర్తు దగ్గర కనిపించిందో తేల్చాక, అక్కడి నుంచి ఆయన ఏం చేయాల్సిందో రాయడం మొదలుపెట్టండి.